జనగామ డాట్ కామ్‌ను ఎవరు కొంటారు?

మన హాస్టళ్లలో ఈ మధ్య ఒక ముచ్చట జోరుగా నడుస్తోంది. ఏడెనిమిది వందలు పెట్టి ఒక డొమైన్ పేరు కొని పెట్టుకుంటే, రేపు ఎవరో వచ్చి దాన్ని లక్షలకు కొనుక్కుంటారట. దీన్నే డొమైన్ ఫ్లిప్పింగ్ అంటున్నారు. మనది భూమి బేరాలు వింటూ పెరిగిన ప్రాంతం కాబట్టి ఈ మాట చప్పున తలకెక్కుతుంది. 2016 అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలైనప్పుడు ఊరి చివరి ప్లాట్ల గురించి పెద్దవాళ్లు ఏం మాట్లాడుకున్నారో మనలో చాలామందికి గుర్తే. ప్లాటు కొనే తాహతు లేదు, కనీసం పేరన్నా కొందాం అన్నది లెక్క.

ఈ పోలిక దగ్గరే నాకు పేచీ. ప్లాటు ఒకసారి రిజిస్ట్రేషన్ అయ్యాక అట్లనే పడి ఉంటుంది. డొమైన్ పేరును మనం నిజానికి కొనం, అద్దెకు తీసుకుంటాం. ఏడాదికోసారి అద్దె కట్టాలి. ముందే కట్టాలన్నా పదేళ్లకు మించి తీసుకోరు. అద్దె ఆగిన రోజు నుంచి పేరు చేజారడం మొదలవుతుంది. కాబట్టి అడగాల్సింది "ఇది ఎంతకు అమ్ముడుపోతుంది?" అని ఒక్కటే కాదు, "అమ్ముడుపోయేదాకా ఎన్నేళ్లు అద్దె కట్టాలి?" అని కూడా.

మా రూమ్మేట్‌ది మహబూబాబాద్ దగ్గర ఒక పల్లె. వాడు ఇరవై పేర్ల జాబితా రాసుకుని నా ముందు పెట్టిండు. "చూడు రా, ఇవన్నీ ఖాళీగనే ఉన్నయి, ఎవ్వలూ తీసుకోలే" అన్నాడు సంబరంగా. అన్నీ మూడు ఊళ్ల పేర్ల వెనుక ఒక మాట తగిలించినవే: `jangaonrealestate`, `bhupalpallytourism`, `mahabubabadjobs` లాంటివి. ఖాళీగా ఉన్నాయని వాడికి సంతోషం, నాకు అనుమానం. డాట్ కామ్ మొదలై నలభై ఏళ్లయింది. ఇన్నాళ్లూ ఎవరూ ముట్టుకోని పేరు అంటే, చాలాసార్లు ఎవరికీ అవసరం పడని పేరనే అర్థం.

ముందు స్పెల్లింగ్ సంగతి చూడండి. పేరు చెవిన పడగానే తప్పు లేకుండా టైప్ చేయగలగాలి. డొమైన్ల వ్యాపారంలో ఇది మొదటి పరీక్ష, మన మూడు ఊళ్లూ ఇందులోనే తడబడతాయి. మనం పలికేది జనగామ, ఇంగ్లిష్‌లో రాసేది Jangaon. కొందరు Jangoan అని కూడా రాస్తారు. విన్నది విన్నట్టు టైప్ చేసేవాడు Janagama అని కొడతాడు. మహబూబాబాద్ జిల్లా వెబ్‌సైటులో Mahabubabad అని ఉంటుంది, రైల్వేవాళ్లు Mahbubabad అంటారు. భూపాలపల్లి అయితే మరీ. జిల్లా సైటు చిరునామాలో bhoopalapally, ఎన్నికల సంఘం జాబితాలో Bhupalpalle, మనం రాసుకునేది Bhupalpally. వీటిలో ఒకటి కొంటే మిగతా రూపాలు టైప్ చేసేవాళ్లు మన దగ్గరికి రారు. అన్నీ కొంటే అద్దె మూడింతలు. మహబూబాబాద్‌కు మానుకోట అనే పేరుంది కదా, Manukota అని దాదాపు అందరూ ఒకేలా రాస్తారు. వాడి జాబితాలో ఆ మాట ఒక్కచోట కూడా లేదు!

ఇక కొనేదెవరు? జిల్లా పేరు అనగానే సర్కారు కొంటుందని చాలామంది ఆశ. కానీ జిల్లా సైట్లన్నీ `telangana.gov.in` కిందే నడుస్తాయి. `jangaon.telangana.gov.in` అనే చిరునామాకు కలెక్టరాఫీసు ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు, బయటి పేరు వాడాల్సిన పనీ లేదు. పెద్ద గిరాకీ అనుకున్నవాడు మొదట్లోనే బేరంలోంచి తప్పుకున్నట్టే. మిగిలేది స్థానిక వ్యాపారులు. జనగామలో ప్లాట్లు అమ్మేవాళ్లకు ఫోన్ నంబరు, వాట్సాప్, గూగుల్ మ్యాప్‌లో ఒక గుర్తు ఉంటే పని నడుస్తోంది. వెబ్‌సైటు కావాలనుకున్నవాడు కూడా తన వెంచర్ పేరు మీదే పెట్టుకుంటాడు. ఆ పేరు మన దగ్గర ఉండదు, దుకాణంలో వెయ్యి రూపాయలకే దొరుకుతుంది.

జిల్లాల పేర్లకు ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని ఎవరూ లెక్కేయరు. 2016లో ఎవరైనా ముందుచూపుతో `bhupalpallytourism` లాంటి పేరు కొన్నారనుకుందాం. అప్పుడది మంచి ఆలోచనే. మేడారం, రామప్ప, లక్నవరం అన్నీ ఆ జిల్లాలోనే ఉన్నాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు విడిగా జిల్లా అయింది, ఆ మూడూ అటే పోయాయి. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చేసరికి ఆ పేరు పక్క జిల్లాది. కాళేశ్వరం మిగిలింది నిజమే కానీ, కొన్నప్పుడు వేసుకున్న లెక్క మారిపోయింది. అదే ఏడాది వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది. ఆ పాత జిల్లా పేరుతో డొమైన్లు పెట్టుకున్నవాళ్ల పరిస్థితి చెప్పాలా? కొన్నవాడి తెలివితో సంబంధం లేకుండా ఒక్క జీవోతో పేరు విలువ పోతుంది.

ఇప్పుడు అసలు లెక్క. ఈ వ్యాపారంలో పండినవాళ్లు మామూలుగా చెప్పుకునేది ఏమంటే, ఏరికోరి పెట్టుకున్న వంద పేర్లలో ఏడాదికి ఒకటో రెండో అమ్ముడుపోతాయని. మా వాడి జాబితాకు దయతలచి ఆ ఒక శాతాన్నే ఇద్దాం. ఇరవై పేర్లు, ఒక్కోదానికి రెన్యువల్ సుమారు 1,200 రూపాయలు అనుకుంటే ఏడాదికి 24,000. ఐదేళ్లకు 1,20,000. ఇరవై పేర్లు ఐదేళ్లంటే వంద "పేరు-ఏళ్లు". కాబట్టి సగటున ఆశించగలిగేది ఒక్క అమ్మకం. ఆ ఒక్క బేరం మీద అమ్మిపెట్టిన మార్కెట్‌ప్లేస్ 15 శాతం కమీషన్ తీసుకుంటుందనుకోండి. అప్పుడు చేతిలో లక్షా ఇరవై వేలు పడాలంటే ధర సుమారు 1,41,000 పలకాలి. అప్పటికి అసలు వెనక్కి వచ్చిందంతే, లాభం సున్నా.

సగటున ఒకటి అంటే తప్పకుండా ఒకటి అమ్ముడవుతుందని కాదు. ప్రాబబిలిటీ పేపర్ రాసినవాళ్లమే కదా, ఒక్కటీ అమ్ముడుపోకుండా ఉండే అవకాశం ఎంతో చూద్దాం:

```
0.99^100 ≈ 0.37
```

అంటే ఇదే పని చేసిన ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా ఐదేళ్లు అద్దె కట్టి ఉత్త చేతులతో మిగులుతారు. అమ్ముడైన ముగ్గురిలో ఇద్దరికి కూడా లక్షన్నర ఇచ్చే గిరాకీ తగలాలి. లక్షన్నర పెట్టి ఊరి పేరు కొనే వ్యాపారిని మానుకోటలో నాకు చూపించమన్నాను. వాడు కాసేపు ఆలోచించి "మిర్చి వ్యాపారులున్నరు గదరా" అన్నాడు. ఉన్నరు. వాళ్ల కొనుగోళ్లు కేసముద్రం యార్డులోనో ఏనుమాముల మార్కెట్లోనో ఎదురెదురుగా జరుగుతాయి, డొమైన్ పేరు వాళ్ల బేరంలో ఎక్కడా రాదు.

అద్దె కూడా నిలకడగా ఉండదు. డాట్ కామ్‌ను నడిపే వెరిసైన్ సంస్థ రిజిస్ట్రార్ల దగ్గర తీసుకునే టోకు ధర 2021 దాకా 7.85 డాలర్లు. ఏటా ఏడు శాతం చొప్పున నాలుగుసార్లు పెరిగి 2024 సెప్టెంబర్‌కు 10.26 అయింది. డాలరు రేటు, రిజిస్ట్రార్ లాభం, 18 శాతం జీఎస్టీ దాని మీద వచ్చి పడతాయి. మొదటి ఏడాది చూపించే తగ్గింపు ధరను బట్టి ఎవరైనా లెక్క వేసుకుంటే, రెండో ఏడాది మెయిల్ వచ్చినప్పుడు గుండె గుభేలుమంటుంది. `.online`, `.store` లాంటివి ఇంకా మోసం. తొలి ఏడాది వంద రూపాయలకే ఇస్తారు, రెన్యువల్ మాత్రం వేలల్లో. కొనే ముందు బండి పేజీలో పెద్దక్షరాల ధర వదిలేసి, కింద చిన్నక్షరాల్లో ఉండే రెన్యువల్ ధర చదవండి.

"మరి జియోహాట్‌స్టార్ సంగతేంది?" అని అడుగుతారు, నాకు తెలుసు. ఢిల్లీ కుర్రాడొకడు విలీనాన్ని ముందే ఊహించి 2023లో ఆ పేరు కొన్నాడు, 2024లో కేంబ్రిడ్జ్ చదువు ఖర్చు అడిగాడు. కంపెనీ ఒప్పుకోలేదు, చివరికి ఆ పేరును వేరేవాళ్లకు ఇచ్చేశాడు. ఇంకొకరి బ్రాండు మీద పందెం కాస్తే చట్టం అటువైపే ఉంటుంది. సత్యం ఇన్ఫోవే కేసులో 2004లోనే సుప్రీంకోర్టు డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉంటుందని చెప్పింది. మా వాడి జాబితాలో సింగరేణి పేరుతో రెండు, పెంబర్తి ఇత్తడితో ఒకటి ఉన్నాయి. మొదటిది ఒక కంపెనీ పేరు. రెండోది జీఐ గుర్తింపు ఉన్న చేతివృత్తి. ఆ కళాకారులు తమ ఊరి పేరును మన దగ్గర కొనుక్కోవాలనుకోవడం నాకైతే నచ్చలేదు, మొహమాటం లేకుండా చెప్పాను.

అయితే అసలు కొనొద్దంటానా? అనను. ఒక్కో పేరుకు గంట పని పెట్టుకోమంటాను. అదే మాట వేరే ఎక్స్‌టెన్షన్లలో ఎన్ని వ్యాపారాలు నిజంగా వాడుతున్నాయో చూడాలి. రేపు కొనే అవకాశం ఉన్నది వాళ్లే. కనీసం పదిమంది దొరక్కపోతే వదిలేయాలి. నేమ్‌బయోలో అలాంటి పేర్లు ఎంతకు అమ్ముడయ్యాయో వెతకాలి. విక్రేతల సైట్లు ఉచితంగా చూపించే "అంచనా విలువ" జోలికి పోవద్దు, ఆ అంచనా చూసి మనం కొంటే లాభపడేది వాళ్లే. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో ఒకసారి, వేబ్యాక్ మెషీన్‌లో ఒకసారి చూడాలి. ఇదివరకు జూదం సైటుగా నడిచిన పేరైతే దాని మచ్చ మనకే అంటుకుంటుంది. ఈ జల్లెడలో వేస్తే మా వాడి ఇరవైలో నిలిచింది సున్నా. కొత్తగా మానుకోటతో కట్టిన ఒక పేరును మాత్రం, అమ్మడానికి కాదు, వాళ్ల బాబాయి విత్తనాల దుకాణానికని తీసుకున్నాడు.

ఇప్పటికే పదో పదిహేనో కొని కూర్చున్నవాళ్లు మన కాలేజీలోనూ ఉన్నారు. రెన్యువల్ మెయిల్ రాగానే "ఇంకొక్క ఏడాది చూద్దాం" అంటారు. మీకు విలువ తెలుసుకునే దారి ఒకటుంది, ఖర్చు లేనిది. మీ పేర్లలో బలహీనమైనదాన్ని కట్టకుండా వదిలేసి, దాన్ని గమనించండి. గడువు దాటాక 45 రోజుల వరకు మామూలు ధరకే వెనక్కి ఇవ్వొచ్చు, ఎన్ని రోజులన్నది రిజిస్ట్రార్‌ను బట్టి ఉంటుంది. తర్వాత 30 రోజులు `redemptionPeriod`, అప్పుడు విడిపించాలంటే జరిమానా వేలల్లో ఉంటుంది. ఆఖరున ఐదు రోజులు `pendingDelete`. ఇదంతా `whois` కొడితే కనిపిస్తుంది. ఆ తర్వాత పేరు మళ్లీ అందరికీ మామూలు ధరకే దొరుకుతుంది. మంచి పేర్లను ఆ క్షణంలోనే పట్టుకోవడానికి ప్రోగ్రాములు పెట్టుకుని కాచుకున్న కంపెనీలున్నాయి. నెల తర్వాత వెళ్లి చూసినా మీ పేరు ఇంకా ఖాళీగానే ఉంటే, మిగతా పధ్నాలుగింటి జాబితా తీసి పక్కన పెట్టుకుని కూర్చోండి.