కాటా వేసి చూపే నినాదమే మాకు కావాలి

కూరగాయల నారు పోసే రోజులు వచ్చాయంటే నందిగాం, పలాస, టెక్కలి ఊళ్ళలోకి సేంద్రియ ఎరువుల బండ్లు వస్తాయి. ‘వేలాది రైతులు మెచ్చినది’, ‘దిగుబడి 30 శాతం ఎక్కువ’ అని సంచి మీద ఉంటుంది. పది సెంట్ల వంగ, బెండ వేసుకునే చిన్న రైతు వాటిని అనుమానంగా చూస్తే కంపెనీ వాళ్ళు మనకు చైతన్యం లేదంటారు. మన అనుమానం న్యాయమైనదే. 30 శాతం దేనికంటే ఎక్కువ? ఏ నేలలో, ఏ పంటలో? ఈ ప్రశ్నలకు సంచి మీద జవాబు ఉండదు.

ముందు లెక్కతోనే తేలిపోయేవి కొన్ని ఉన్నాయి. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వానపాముల ఎరువులో నత్రజని కనీసం 1 శాతం ఉండాలి. అంటే 50 కిలోల బస్తాలో అర కిలో. యూరియాలో నత్రజని 46 శాతం, 45 కిలోల బస్తాలో 20 కిలోల పైమాటే. ఒక యూరియా బస్తాకు సరితూగాలంటే వానపాముల ఎరువు 40 బస్తాలు దాటి వేయాలి. కాబట్టి ‘ఒక్క బస్తా వేస్తే యూరియా మానేయవచ్చు’ అన్న నినాదం పొలం దాకా రానక్కర్లేదు, కాగితం మీదే ఓడిపోతుంది. అలాగని ఆ ఎరువు పనికిరాదని కాదు. మన ఉద్దానం ఇసుక నేలల్లో తడి నిలవడానికి సేంద్రియ పదార్థం అవసరమే. కంపెనీ ఆ మాటే చెప్పి అమ్ముకోవాలి. సేంద్రియం అన్న ఎరువు వేసిన మూడు నాలుగు రోజులకే ఆకు ముదురు పచ్చగా మారితే సంతోషించకండి. అందులో యూరియా కలిపారేమోనని అనుమానించి వ్యవసాయాధికారికి చెప్పండి.

ఇక పొలంలో తేలవలసినవి. వంగ తోటలో పక్కపక్కన ఎనిమిది చాళ్ళు తీసుకుందాం. మొదటి రెండు చాళ్ళకు కొత్త ఎరువు వేసి, తర్వాతి రెండు వదిలి, మళ్ళీ రెండింటికి వేసి, చివరి రెండు వదలాలి. నారు, పశువుల గెత్తం, యూరియా, నీరు, మందులు అన్నింటికీ ఒకేలా ఉండాలి. వేసిన చాళ్ళ నీరు వదిలిన చాళ్ళలోకి పారకుండా మధ్యలో చిన్న గట్టు కట్టాలి. ప్రతి కోతకూ కాయలు వేరువేరుగా కాటా వేసి పుస్తకంలో రాయాలి. కంపెనీ మనిషి గట్టు పక్క, గెత్తం కుప్ప ఉన్న చోటు ఎంచుకుంటే ఒప్పుకోవద్దు. అక్కడ ఏమీ వేయకపోయినా కాస్తుంది. పోయిన ఏటి పంటతో పోలిస్తే కూడా కుదరదు, ఏ ఏటి వాన ఆ ఏటిదే.

ఉదాహరణకు, వేసిన రెండు జతలు 50, 46 కిలోలు, వదిలిన రెండు జతలు 44, 44 కిలోలు కాశాయనుకుందాం. మొత్తం 96కి 88. తేడా 8 కిలోలు. కిలో 15 రూపాయల చొప్పున 120 రూపాయలు. ఆ నాలుగు చాళ్ళకు ఎరువు ఖర్చు 200 అయితే, దిగుబడి పెరిగిన మాట నిజమే గాని రైతుకు 80 రూపాయలు నష్టం. వేసిన జతల్లో ఒకటి పెరిగి మరొకటి తగ్గితే అది నేల తేడా కావచ్చు, రుజువు కాదు. సేంద్రియ ఎరువు ఫలితం తర్వాతి పంటకూ కొంత మిగులుతుంది కాబట్టి, అవే చాళ్ళను రెండో పంటలోనూ కాటా వేశాకే తీర్పు చెప్పడం న్యాయం.

ఉద్దానంలో మరో హెచ్చరిక అవసరం. మన కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. మా ఎరువు వాడితే కిడ్నీలు కాపాడుకోవచ్చని ఎవరైనా అంటే, అది మన భయాన్ని అమ్ముకోవడమే.

అందుకని కంపెనీలకు మేమే ఒక నినాదం ఇస్తున్నాం: ‘నాలుగు చాళ్ళకు వేయండి, నాలుగు వదలండి, కాటా వేశాకే కొనండి.’ ఇది సంచి మీద వేయాలంటే మూడు షరతులు. నాలుగు చాళ్ళకు సరిపడా ఎరువు ఉచితంగా ఇవ్వాలి. పోషకాల శాతాలు నినాదం అంత పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలి. కొన్న ప్రతి రైతుకూ బ్యాచ్ నంబరుతో బిల్లు ఇవ్వాలి. సరుకు తేడా వచ్చిన రోజున అధికారి ముందు నిలబడేది ఆ బిల్లే.

ఈ షరతులకు ఒప్పుకున్న బండిని ఊళ్ళోకి రానిద్దాం. ఒప్పుకోని బండి దగ్గర బస్తా దించవద్దని సభ్యులను కోరుతున్నాం. కాటా వేసి రాసిన పుస్తకాలు సంఘం సమావేశానికి తీసుకురండి. లాభం వచ్చినా నష్టం వచ్చినా ఆ లెక్కలు అందరి ముందూ చదువుదాం.