లేదు, కాదు, వద్దు

గ్రహాంతరవాసుల కథల్లో నాకు చిరాకు తెప్పించే పేజీ ఒకటుంది. అవతలివాళ్ల భాష తెలీదు, వాళ్లకి చేతులున్నాయో లేవో కూడా తెలీదు. మన శాస్త్రవేత్త రెండు, మూడు, అయిదు, ఏడు అని ప్రధాన సంఖ్యలు పంపుతాడు. అటునుంచి పదకొండు వస్తుంది. అందరూ కళ్లనీళ్లు పెట్టుకుంటారు. తర్వాతి పేజీకల్లా "మీరెక్కణ్ణుంచి వచ్చారు?" అంటూ కబుర్లు మొదలు. మధ్యలో ఏం జరిగిందయ్యా అంటే, గణితం విశ్వభాష కదా అంటారు.

ప్రధాన సంఖ్యలు పంపడమంటే తలుపు కొట్టడం. అంతే. 'కాంటాక్ట్' (1985)లో కార్ల్ సేగన్ వాటిని వాడింది కూడా ఇది నక్షత్రం చేసే చప్పుడు కాదు, ఎవరో పంపుతున్నారు అని తెలియడానికే. తలుపు కొట్టినవాడు అప్పు అడగడానికొచ్చాడో, ఇల్లు ఖాళీ చేయించడానికొచ్చాడో ఆ చప్పుడులో ఉండదు.

ఈ ఇబ్బంది తెలిసిన రచయితలు సైగల్లోకి పారిపోతారు. ఆండీ వియర్ 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ' (2021) నాకు ఇష్టమైన నవలే. రాకీ మాటల్ని గ్రేస్ స్వరాలుగా విడగొట్టి పట్టిక వేసుకునే భాగం నిజంగా బాగుంటుంది. కానీ అంతకుముందే ఇద్దరూ ఒకరికొకరు చేతులు ఊపేసుకుంటారు! అక్కడే సగం పని ఉచితంగా అయిపోయింది. సైగ సహజం అనుకుంటాం గానీ, బాణం గుర్తు కూడా సహజం కాదు. 1972లో పయనీర్ నౌకకి అంటించిన ఫలకం మీద నౌక వెళ్లే దారిని బాణంతో చూపించారు. విల్లూ బాణం ఎరగని జాతికి ఆ గీత ఏం చెబుతుందని కళాచరిత్రకారుడు గోంబ్రిక్ అప్పుడే ఎత్తిపొడిచాడు. అంతదూరం ఎందుకు, మనం 'సరే' అంటూ తల అటూ ఇటూ ఊపితే విదేశీ సహోద్యోగి ఒప్పుకోలేదనుకుంటాడు.

సరే, సైగలూ తీసేద్దాం. అప్పుడు సీన్ దేనిమీద నిలబడాలి? మొదటి మాట మీద కాదు, మొదటి 'నో' మీద అంటాను. అవతలివాడు నన్ను తప్పుపట్టగలిగినప్పుడే నా మాట వాడికి చేరిందని నాకు తెలుస్తుంది. అంతవరకూ జరిగేదంతా ప్రతిధ్వనే.

ఒక సీన్ కట్టి చూద్దాం. యూరోపా మంచుపొర కింది సముద్రంలోకి మన యంత్రం దిగింది. అక్కడున్న జీవికి కళ్లు లేవు, చెవులు లేవు. అది తన చుట్టూ విద్యుత్ క్షేత్రాన్ని సృష్టించుకుని, అందులో వచ్చే వంకరల్ని బట్టి లోకాన్ని చూస్తుంది. ఇది నా కల్పన కాదు. దక్షిణ అమెరికా నదుల్లో ఐగెన్మానియా అనే చేప సరిగ్గా ఇలాగే బతుకుతుంది. ఒక్కో చేపదీ ఒక్కో పౌనఃపున్యం. పక్క చేపది తన దానికి కొద్ది హెర్ట్జ్‌ల దూరంలోకి వస్తే రెండిటి చూపూ మసకబారుతుంది. అందుకని ఎక్కువలో ఉన్నది ఇంకా పైకి, తక్కువలో ఉన్నది ఇంకా కిందికి జరుగుతాయి. వతనబె, తకెద అనే జపాన్ శాస్త్రవేత్తలు 1963లోనే దీన్ని వివరించారు.

ఇప్పుడు మన జీవి 402 హెర్ట్జ్‌లో ఉందనుకోండి. మనం 400 పంపాం. అది 410కి జరిగింది. "జవాబిచ్చింది!" అని అందరూ చప్పట్లు. చేతకాని కథకుడు అధ్యాయం ఇక్కడ ముగిస్తాడు. మంచి కథకుడి దగ్గర వెనక కుర్చీలో ఒక అనుమానపు పీనుగ ఉంటుంది. ఆవిడ 300 పంపిస్తుంది. జీవి మళ్లీ 402కి వచ్చేసింది. 404 పంపితే 394కి దిగింది. ఇది జవాబు కాదు, పక్కకి తప్పుకోవడం. మనం పలకరింపు అనుకున్నది దాని కళ్లలో టార్చిలైటు కొట్టడం. నన్నడిగితే ఈ క్షణం పదకొండో సంఖ్యకంటే వందరెట్లు కథ.

తర్వాత దాని చూపుకి అడ్డురాని దూరపు పౌనఃపున్యంలో ఒకటి, రెండు, మూడు తట్లు పంపుతారు. అది ఒకటి, రెండు, మూడు అని తిరిగి పంపుతుంది. మైనా కూడా పంపుతుంది! అందుకే ఆవిడ కావాలని తప్పు చేస్తుంది: ఒకటి, రెండు, అయిదు, నాలుగు. కాసేపు నిశ్శబ్దం. అటునుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు. నమూనా దానికి అర్థమైంది. కానీ మనల్ని దిద్దుతోందా, తన పాట తాను పాడుకుంటోందా?

ఇక్కడ హాన్స్ ఫ్రాయ్డెంతాల్ పనికొస్తాడు. డచ్ గణితవేత్త. రేడియో సంకేతాలతో మాత్రమే నేర్పగల 'లింకోస్' అనే భాషని 1960లో పుస్తకంగా రాశాడు. ఆయన ఎత్తుగడ నాటకం. సందేశంలోనే ఇద్దరు పాత్రలుంటారు. ఒకడు లెక్క అడుగుతాడు, రెండోవాడు చెబుతాడు, మొదటివాడు 'బెన్' అనో 'మాల్' అనో మార్కు వేస్తాడు. వినేవాడు పక్కన కూర్చుని ఆ గుర్తుల అర్థం పట్టుకోవాలి. మన సీన్‌లో రెండు యంత్రాలు దింపి ఇదే ఆడించొచ్చు. జాగ్రత్త ఒక్కటే: తప్పు జవాబులన్నీ సరైనదానికంటే పెద్ద సంఖ్యలే అయితే, 'మాల్' అంటే 'పెద్దది' అని జీవి నేర్చుకుంటుంది. ఆ బగ్ వంద పేజీల తర్వాత ఎవరి ప్రాణమో తీస్తుంది. కాబట్టి తప్పుల్ని కలగాపులగం చేయాలి. చివరికి లెక్క అడిగి, జవాబు చెప్పించి, మార్కు వేయకుండా ఊరుకోవాలి. మునుపు చూడని పది లెక్కలకి జీవి తానే పది మార్కులూ సరిగ్గా వేస్తే, అది గుడ్డిగా వేసిందనడానికి అవకాశం 1024లో ఒకటి.

ఇప్పుడు దానికి 'నో' వచ్చింది. మన రచయితలు సంబరపడిపోయే చోటు ఇదే, అసలు కష్టం మొదలయ్యే చోటు కూడా ఇదే. మర్నాడు డ్రిల్లు మంచులోంచి ఇంకో మీటరు దిగింది. జీవి 'మాల్' అంది.

ఇంగ్లీషు రచయిత 'నో' అని రాసి తప్పించుకుంటాడు. మనకి ఆ సదుపాయం లేదు. 'లేదు' అంటే మీరు వెతికేది ఇక్కడ లేదని. 'కాదు' అంటే మీరు చేసే పద్ధతి తప్పని, బహుశా రెండడుగులు పక్కన తవ్వమని. 'వద్దు' అంటే దిగొద్దని. మనం నేర్పింది 'కాదు' ఒక్కటే. కానీ నేర్పిన గుర్తు నేర్పిన చోటే ఉండదు. లింకోస్‌లో కూడా 'మాల్' అబద్ధానికి పర్యాయపదం కాదు, నిజమే అయినా అడిగినదానికి పనికిరాని జవాబుకీ ఆ మార్కే పడొచ్చు. అనువాద యంత్రం తెర మీద ఏదో ఒక తెలుగు మాట రావాలి. ఏది రావాలో రచయిత నిర్ణయించుకోవాలి. మన కథల్లో చాలామంది ఇక్కడ 'నో' అని తెలుగు లిపిలో రాసేసి చేతులు దులుపుకుంటారు. అది నాకు బద్ధకంగానే కనిపిస్తుంది.

పరీక్షించే దారి ఉంది. డ్రిల్లు పైకి లాగితే మార్కు ఆగాలి, రెండడుగులు పక్కన దింపితే మళ్లీ రావాలి. అప్పుడది 'వద్దు'. పక్కన దింపినప్పుడు 'బెన్' వస్తే అది 'కాదు'. ఎక్కడ దింపినా ఏమీ రాకపోతే మనం మార్కు అనుకున్నది మార్కే కాకపోవచ్చు. చక్కటి పరీక్షే గానీ, చేయాలంటే డ్రిల్లు ఇంకోసారి దింపాలి. వద్దని ఉంటే, వద్దన్నాక దింపినట్టు. ఆ వెనక కుర్చీ ఆవిడ చెయ్యి మీట మీద ఉంది, పై అధికారి గడియారం చూసుకుంటున్నాడు, జీవి ఇంకోసారి 'మాల్' అంది. ఈ పేజీ రాయండి, ప్రధాన సంఖ్యలు ఎవరైనా పంపుతారు.