అన్నయ్యగారికి నోటీసు

మా చిన్న కమర్షియల్ బిల్డింగ్ లెక్కలన్నీ నేనే చూస్తానని ఈ శీర్షిక చదివేవాళ్ళకు తెలుసు. మావారు ఉద్యోగంలో తలమునకలుగా ఉంటారు, నాకేమో బీఎస్సీ కెమిస్ట్రీ తర్వాత తీరిక చిక్కింది. డల్లాస్ శివార్లలో ఉన్న ఆ బిల్డింగ్‌లో మూడు వాటాలు. మధ్యలో మన తెలుగువాళ్ళ రెస్టారెంటు, ఒక పక్క టాక్సు ఆఫీసు, ఇంకో పక్క కూచిపూడి క్లాసు. ఆ క్లాసుకి మా పాప కూడా వెళుతుంది. రెస్టారెంటు వంటగదికీ క్లాసుకీ మధ్య ఉన్నది ఒక్క గోడే.

జులైలో ఇన్సూరెన్సు రెన్యూవల్‌కి కంపెనీవాళ్ళు ఒక కాగితం అడిగారు. రెస్టారెంటు హుడ్ ఫైర్ సిస్టమ్‌కి చివరిసారి చేయించిన తనిఖీ రిపోర్టు. అన్నయ్యగారికి ఫోన్ చేస్తే "పంపిస్తానమ్మా" అన్నారు. వారం తర్వాత మళ్ళీ చేస్తే మళ్ళీ అదే మాట. లీజు ప్రకారం ముందురోజు చెప్పి లోపలికి వెళ్ళి చూడొచ్చు కాబట్టి చెప్పే వెళ్ళాను.

పెద్ద పొయ్యిల పైన స్టీలు హుడ్ ఉంటుంది కదా, అందులోంచి నాజిళ్ళు కిందికి చూస్తూ ఉంటాయి. పక్క గోడకి రసాయనం నింపిన సిలిండరు, దానికి వేలాడుతూ ఒక ట్యాగ్. సర్వీసు చేసినవాళ్ళు ఆ ట్యాగ్ మీద నెల దగ్గర రంధ్రం కొట్టి వెళతారు. ఇక్కడ చాలా ఊళ్ళు పాటించే ఎన్‌ఎఫ్‌పీఏ 96 ప్రమాణం ప్రకారం ఈ సిస్టమ్‌ని కనీసం ఆరు నెలలకోసారి సర్వీసు చేయించాలి. నేను చూసిన ట్యాగ్‌లో రంధ్రం అక్టోబరు దగ్గర ఉంది. అంటే తొమ్మిది నెలలు.

అదొక్కటే అయితే ఫోన్‌లోనే సరిపోయేది. మిర్చి బజ్జీలకి గిరాకీ పెరిగిందని వాళ్ళు కొత్తగా పెద్ద ఫ్రైయర్ కొన్నారు. దోసె పెనాన్ని ఒక పక్కకి జరిపి, ఆ ఖాళీలో ఫ్రైయర్ పెట్టారు. నాజిల్ మాత్రం పాత చోటే ఉంది, పెనం ఉన్న వైపు చూస్తూ. ఫ్రైయర్ పక్కనే మంట పొయ్యి. రెండింటికీ మధ్య 16 అంగుళాలైనా ఉండాలి, లేదా మధ్యలో స్టీలు పలక నిలబెట్టాలి. నా జానతో కొలిస్తే ఒక జానకి కొంచెం ఎక్కువ. ఇక వెనక ఎగ్జిట్ తలుపు ముందు ఉల్లిపాయల బస్తాలు, నూనె డబ్బాలు నడుము ఎత్తున ఉన్నాయి.

నాజిల్ ఎటు చూస్తోందన్నది అంత పెద్ద విషయమా అని మీకు అనిపించొచ్చు. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదని మన అమ్మలు చెప్పేవాళ్ళు. నీళ్ళు నూనె కిందికి దిగి ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను చుట్టూ చిమ్ముతాయి. అందుకే ఈ సిలిండర్లలో ఉండేది క్షార ద్రావణం, పొటాషియం లవణాలది. వేడి నూనె మీద పడగానే అది సబ్బు నురగలాంటి పొర కడుతుంది. ల్యాబ్‌లో మనం చేసిన సపోనిఫికేషనే. ఆ పొర గాలి అందకుండా చేసి, నూనె చల్లబడేదాకా మూతలా ఉంటుంది. ద్రావణం నూనె తొట్టి మీద పడితేనే ఇదంతా. పక్కనున్న పెనం మీద పడితే పెనం శుభ్రంగా ఉంటుంది, ఫ్రైయర్ మండుతూనే ఉంటుంది.

ఇంటికొచ్చి నా మొదటి తప్పు చేశాను. ఫొటోలన్నీ వాట్సాప్‌లో పెట్టి "అన్నయ్యగారూ, మూడు రోజుల్లో అన్నీ సరిచేయండి, లేకపోతే లీజు రద్దు" అని రాశాను. ఆయన ఒక నమస్కారం బొమ్మ పంపారు. అంతే.

తర్వాత లీజు తీసి నింపాదిగా చదివాను. నోటీసు గురించి ఒక పేరా ఉంది: కాగితం మీద ఉండాలి, సర్టిఫైడ్ మెయిల్‌లో గానీ సంతకం తీసుకునే కొరియర్‌లో గానీ వెళ్ళాలి, రెస్టారెంటు అడ్రసుకి ఒకటి, వాళ్ళ కంపెనీ రిజిస్టర్డ్ అడ్రసుకి ఒకటి పంపాలి. గడువు లెక్క అది చేతికి అందిన రోజునుంచి మొదలవుతుంది. నా వాట్సాప్ మెసేజీ ఈ లెక్కలోకే రాదు. మీకూ అద్దెకిచ్చిన షాపు ఉంటే, కోపం రాకముందే ఆ పేరా ఒకసారి చదివిపెట్టుకోండి.

గడువు గురించి లీజులో రెండు మాటలున్నాయి. మామూలు ఉల్లంఘనకి నోటీసు అందిన తర్వాత 30 రోజులు. ఆ 30 రోజుల్లో పూర్తికాని పని అయితే, ఈలోగా మొదలుపెట్టి ఆపకుండా చేస్తూ ఉంటే తగినంత అదనపు సమయం. మనుషులకి తక్షణ ప్రమాదం ఉన్నవాటికి మాత్రం వెంటనే. నా "మూడు రోజులు" ఈ రెండింటిలో ఎక్కడా లేదు. మా లాయరుగారు ఫోన్‌లోనే నవ్వారు. లీజు ఇచ్చిన గడువుని నోటీసులో మనం కుదించలేమట. కుదిస్తే, రేపు కోర్టుకి వెళ్ళినప్పుడు ఎదుటివాళ్ళు ముందు పట్టుకునేది మన నోటీసునే.

అప్పుడు ఒక్కో పనికి నిజంగా ఎంత టైము పడుతుందో కనుక్కున్నాను. సర్వీసు కంపెనీకి మామూలు కస్టమర్‌లా ఫోన్ చేసి అడిగాను. తనిఖీకి వారం లోపల మనిషి వస్తాడు. నాజిల్ మార్చడం అలా కాదు. డ్రాయింగ్ గీయాలి, ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ దగ్గర పర్మిట్ తీసుకోవాలి, ఆ తర్వాతే పైపు ముట్టుకోవాలి. బస్తాలు జరపడానికి ఇద్దరు కుర్రాళ్ళు, ఒక పూట చాలు. అన్నిటికీ ఒకే గడువు పెడితే బస్తాలకి అది మరీ ఎక్కువ, పైపుకి మరీ తక్కువ.

నోటీసు ఇంగ్లీషులోనే రాశాం. అందులో అసలు భాగం తెలుగులో ఇలా ఉంటుంది:

"జులై 18న మీకు ముందుగా తెలియజేసి వంటగదిని చూశాం. హుడ్ సిస్టమ్ ట్యాగ్ మీద చివరి సర్వీసు గత అక్టోబరులో జరిగినట్టు ఉంది. కొత్త ఫ్రైయర్ పైన దానికి ఎదురుగా నాజిల్ లేదు. ఫ్రైయర్‌కీ పక్క పొయ్యి మంటకీ మధ్య 16 అంగుళాల కన్నా తక్కువ ఉంది. వెనక ఎగ్జిట్ తలుపు దారిలో సామాను ఉంది. ఇవి లీజులోని ఫైర్ సేఫ్టీ షరతులకు విరుద్ధం. ఫొటోలు జతచేశాం.

ఎగ్జిట్ దారిని ఈ నోటీసు అందిన వెంటనే ఖాళీ చేయండి. నాజిల్ సరిచేసేదాకా ఆ ఫ్రైయర్‌ను వాడకండి. లైసెన్సు ఉన్న కంపెనీతో 10 రోజుల్లో తనిఖీ చేయించి రిపోర్టు పంపవలసిందిగా కోరుతున్నాం. ఏ సందర్భంలోనైనా తనిఖీ, నాజిల్, మధ్య పలక పనులు 30 రోజుల్లో పూర్తికావాలి. పర్మిట్ వల్ల ఆలస్యమయ్యేటట్టు ఉంటే, దరఖాస్తు రసీదును గడువు లోపల పంపండి, లీజు ప్రకారం సమయం పొడిగిస్తాం."

పది రోజుల దగ్గర "కోరుతున్నాం" అనీ, 30 దగ్గర "పూర్తికావాలి" అనీ ఉంది చూడండి. మొదటిది మన విన్నపం, రెండోది లీజు ఇచ్చిన హక్కు. నా చిత్తుప్రతిలో "మీ నిర్లక్ష్యం వల్ల" అని రెండుచోట్ల ఉంటే లాయరుగారు రెండూ కొట్టేశారు. చూసింది రాయాలి గానీ, ఎదుటివాళ్ళ మనసులో ఏముందో మనకి తెలియదు కదా. చివర ఇంకో వాక్యం కలిపారు. ఈ మధ్యలో అద్దె తీసుకున్నంత మాత్రాన ఈ ఉల్లంఘనను మేం ఒప్పుకున్నట్టు కాదు అని. ఆగస్టు ఒకటిన చెక్కు వస్తుంది, అది బ్యాంకులో వేశాక "మరి మీకు అభ్యంతరం లేదనేగా" అనే వాదన రాకుండా.

కొరియర్ అందిన సాయంత్రమే వదినగారు ఫోన్ చేశారు. "ఫోన్‌లో చెబితే చేసేవాళ్ళం కదమ్మా, ఇలా లాయరు కాగితాలు పంపాలా? మనం మనం ఇలా ఉంటామా?" అన్నారు. గొంతు వణికింది. బాధేసింది, అబద్ధమెందుకు. ఈవిడ చేతి పులిహోర మా పాప పుట్టినరోజుకి తిన్నాం. "వదినా, రెండుసార్లు ఫోన్‌లోనే చెప్పాను. శనివారం గోడకి అవతల ఇరవైమంది పిల్లలు ఆడుతుంటారు. కాగితంలో ఎన్ని రోజులున్నాయో ఒకసారి చూడండి" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "బస్తాలు ఈ రాత్రికే తీయిస్తాను" అన్నారు.

తీయించారు. మర్నాడు ఫొటో కూడా పంపారు. ఫ్రైయర్ మాత్రం ఆపబుద్ధి కాలేదు వాళ్ళకి. వారాంతం బజ్జీల అమ్మకం పోతుందని అన్నయ్యగారు బతిమాలారు. మావారు కూడా "శని ఆదివారాలే కదా" అని మెత్తబడ్డారు. నేను ఒప్పుకోలేదు, ఒప్పుకుంటే ఆ కాగితంలో "వెంటనే" అన్న మాటకి అర్థమే ఉండదు. అలాగని మేమే వెళ్ళి గ్యాసు కట్టేయడం, తాళం వేయడం లాంటివి చేయలేదు, చేయకూడదు కూడా. చివరికి ఆ రెండు రోజులూ వాళ్ళు బజ్జీలు చిన్న కడాయిలో, నాజిల్ ఉన్న పొయ్యి మీద వేసుకున్నారు.

తనిఖీ రిపోర్టు తొమ్మిదో రోజున వచ్చింది. అందులో ఫ్రైయర్‌కి కవరేజీ లేదని రాశారు. మేం చూడనిది కూడా ఒకటి దొరికింది. హుడ్‌లో వేడికి కరిగి తీగను వదిలే చిన్న లోహపు లింకు ఒకటుంటుంది, అది కరిగితేనే సిస్టమ్ విడుదలవుతుంది, గ్యాసు ఆగుతుంది. దాని మీద జిడ్డు గట్టిగా పేరుకుపోయి ఉంది. కొత్తది వేశారు.

పర్మిట్ ఆలస్యమైంది. ఇరవై అయిదో రోజున దరఖాస్తు రసీదు వచ్చింది. మేం ఇంకో 15 రోజులు ఇస్తూ, ఫ్రైయర్ ఆపి ఉంచాలన్న షరతు మారదని రాసి, ఇద్దరం సంతకాలు చేసి పంపాం. ఇది కూడా కొరియర్‌లోనే. పొడిగింపు నోటితో ఇస్తే, తర్వాత ఏ రోజు దాకా ఇచ్చామన్నదాని మీద గొడవ.

నలభై ఒకటో రోజున కంపెనీ మనిషి రసాయనం వదలకుండానే సిస్టమ్‌ని ట్రిప్ చేసి, గ్యాసు ఆగుతోందా లేదా చూపించాడు. పొయ్యిలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. అన్నయ్యగారు "అబ్బో" అన్నారు. ఆ వారమే మేం ఇంకో చిన్న ఉత్తరం పంపాం, నోటీసులోని లోపాలన్నీ సరిచేశారని. అది వాళ్ళ దగ్గర ఉండాల్సిన కాగితం. రేపు వాళ్ళు ఆ రెస్టారెంటు అమ్ముకుంటే, కొనేవాళ్ళు పాత నోటీసు గురించి అడుగుతారు.

కొత్త ట్యాగ్‌లో ఆగస్టు దగ్గర రంధ్రం ఉంది. ఫిబ్రవరి మొదటి వారానికి వదినగారు తన ఫోన్‌లో, నేను నా ఫోన్‌లో గుర్తు పెట్టుకున్నాం. మొన్న శనివారం క్లాసు అయ్యాక పాపని తీసుకొస్తూ లోపలికి తొంగిచూశాను. వెనక తలుపు దగ్గర చీపురు ఒక్కటే ఉంది. నేను చూస్తుండగానే వదినగారు దాన్ని కూడా తీసి పక్కన పెట్టారు.