లాంగ్ టర్మ్ పెట్టాలా వద్దా: ముందు ఓఎంఆర్ కాపీ తీయండి

కౌన్సెలింగ్ చివరికొచ్చింది. సీటు రాని తమ్ముళ్లూ చెల్లెళ్లూ నర్సీపట్నం కాంప్లెక్స్ దగ్గర కనబడితే అడుగుతున్నది ఒకటే మాట: "అన్నియ్యా, ఇంకో ఏడాది చదవమంటావా?" ఒక్క మాటలో చెప్పలేక ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

మా చిన్నాన్న కొడుకు సంగతి చెప్తాను. పేరొద్దు. జీకే వీధి మండలంలో ఊరు. టెన్త్ దాకా ఆశ్రమ పాఠశాల, ఇంటర్ నర్సీపట్నంలో. 2025 నీట్‌లో వాడికి 214 వచ్చింది. ఎస్టీ కటాఫ్ 113 కదా, "మనవాడు క్వాలిఫై" అని ఊర్లో కోడి కోశారు. మా చిన్నమ్మ అయితే పక్క ఊరి వాళ్లకి కూడా చెప్పేసింది.

మన పిల్లల్ని ఎక్కువగా ముంచుతున్నది ఇక్కడే. క్వాలిఫై అవడం అంటే కౌన్సెలింగ్‌లో నిలబడే అర్హత మాత్రమే. సీటు వేరే సంగతి. ఎస్టీలకి నలభయ్యో పర్సంటైల్ దగ్గర అర్హత ఆగుతుంది, సీటు చివరి ర్యాంకు దగ్గర ఆగుతుంది. ఈ రెంటికీ మధ్య చాలా దూరం ఉంది. ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ వాళ్లు ప్రతి రౌండుకీ కాలేజీల వారీగా అలాట్‌మెంట్ లిస్టు పెడతారు. అందులో ఏయూ లోకల్, ఎస్టీ, కన్వీనర్ కోటా చూసుకుని, చివరి రౌండులో చివరి సీటు ఏ ర్యాంకుకి పోయిందో రాసుకోండి. మా వాడి ర్యాంకుకి చాలా ముందే అది ఆగిపోయింది. ఆ లిస్టు చూసేదాకా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

మార్కులు చూడకండి, ర్యాంకులే చూడండి. 2024లో 720కి 720 వచ్చినవాళ్లు పదిహేడు మంది. 2025లో ఫిజిక్స్ పేపరు అందర్నీ ఏడిపించింది, దేశంలో ఫస్టు వచ్చినవాడికే 686. అందుకే "పోయినేడు ఇన్ని మార్కులకి సీటొచ్చిందంట" అనే లెక్క ఈ ఏడాదికి పనికిరాదు.

ఇంకో భ్రమ కూడా ఉంది. "పాడేరులో కాలేజీ వచ్చింది, అది మనదే కదా" అంటారు. 2024లో 50 సీట్లతో మొదలైన మాట నిజమే. కానీ అందులో పదిహేను శాతం ఆలిండియా కోటాకి పోతే మిగిలేవి నలభై రెండు చిల్లర. ఆరు శాతం ఎస్టీ రిజర్వేషన్ వేస్తే రెండో మూడో సీట్లు. ఏజెన్సీలో ఉంది కాబట్టి ఏజెన్సీ పిల్లలకే అనే రూలు ఏదీ లేదు. ఇక మన నర్సీపట్నం కాలేజీ. మాకవరపాలెం దగ్గర భీమబోయినపాలెంలో 2022 డిసెంబరులో శంకుస్థాపన చేశారు, భవనాలు పూర్తి కాలేదు. 2025 సెప్టెంబరులో పీపీపీ కింద ఇవ్వాలనుకున్న పది కాలేజీల్లో అదీ ఉంది. ఆ గొడవ ఇంకో పోస్టులో మాట్లాడుకుందాం. "వచ్చే ఏడాదికి ఇక్కడే సీట్లు వస్తాయి" అన్న ఆశ మీద మాత్రం ఒక ఏడాదిని పందెం కాయకండి.

సరే, మరి మా వాడు ఆగాలా వద్దా?

దానికి మేం చేసింది ఒక్క పని. ఓఎంఆర్ కాపీ, ఆన్సర్ కీ, ప్రశ్నపత్రం ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాం. బయాలజీలో 82 పెట్టాడు, 50 రైటు, 32 తప్పు, 168 మార్కులు. కెమిస్ట్రీలో 31 పెడితే 13 రైటు, 18 తప్పు, 34 మార్కులు. ఫిజిక్స్‌లో 28 పెట్టాడు, రైటు ఎనిమిదే, తప్పులు ఇరవై. వచ్చినవి 12 మార్కులు.

మొదట వాడన్నది, "నెగటివ్ మార్కులే డెబ్భై పోయాయి అన్నియ్యా, అవి పెట్టకుండా ఉంటే 284 వచ్చును." వినడానికి బాగుంటుంది కానీ తప్పు లెక్క. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే నాలుగింట్లో ఒకటి తగిలి నాలుగు మార్కులొస్తాయి, మూడు పోయి మూడు మార్కులు తగ్గుతాయి. అంటే గుడ్డి పెట్టుడు వల్ల పెద్ద లాభం లేదు, పెద్ద నష్టమూ లేదు. వాడికొచ్చిన రైట్లలో కూడా కొన్ని అలా తగిలినవే. నెగటివ్ తగ్గించుకుంటే చాలు సీటొస్తుంది అనుకుని లాంగ్ టర్మ్ పెట్టేవాడు మళ్లీ అక్కడే ఉంటాడు.

తప్పుల్నీ, వదిలేసినవాటినీ మూడు కుప్పలు చేశాం. తెలిసి కూడా తొందరలో పొరపాటు చేసినవి ఒకటి. చదివి మర్చిపోయినవి రెండు. అసలు చదవనివి మూడు. మూడో కుప్ప పెద్దదైతే ఏడాది ఆగడానికి అర్థం ఉంది, ఎందుకంటే ఆ ఖాళీ పూడ్చగలిగినది. మా వాడి ఫిజిక్స్‌లో వదిలేసినవీ తప్పు పెట్టినవీ కలిపి 37 ఉంటే, పాతిక పైగా మూడో కుప్పలోకే వచ్చాయి. ఇంటర్‌లో సగం ఏడాది వాళ్లకి ఫిజిక్స్ చెప్పినవాళ్లే లేరు. రొటేషనల్ మోషన్, థర్మోడైనమిక్స్ పుస్తకంలో పేజీ కూడా మడత పడలేదు. వాడికి తెలివి లేక కాదు, ఎవరూ చెప్పలేదు.

దీనికి ఎదురు కేసు కూడా చూశాను. చింతపల్లి వైపు ఒక చెల్లి. రెండుసార్లు లాంగ్ టర్మ్ పెట్టింది, సిలబస్ మూడుసార్లు తిప్పింది, ర్యాంకు దాదాపు కదల్లేదు. తప్పులన్నీ రెండో కుప్పలోనే. రాత్రి పన్నెండు దాకా చదువుతుంది, పరీక్ష హాల్లో గుర్తురాదు. ఆమెకి మూడో ఏడాది వద్దని నేనే గట్టిగా చెప్పాను. వాళ్లింట్లో నామీద కోపం ఇప్పటికీ ఉంది. బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది. డాక్టర్ అవలేదని బాధ పోయిందా అంటే పోలేదు. నిద్ర మాత్రం పడుతోంది.

ఇక డబ్బు. విశాఖలో ఒక చోట కోచింగూ హాస్టలూ కలిపి మాకు చెప్పింది లక్షా నలభై వేలు. పుస్తకాలు, టెస్టులు, రానుపోను, జ్వరమొస్తే మందులు కలిపితే లక్షా డెబ్భై దాటుతుంది. లాంగ్ టర్మ్‌కి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ రాదు. మా చిన్నాన్నకున్నది రెండెకరాల కాఫీ, కొంచెం మిరియం, పసుపు. ఆ డబ్బు చేతికొచ్చేది సంక్రాంతి తర్వాత, ఫీజు కట్టాల్సింది ఆగస్టులో. మధ్యలో ఉన్న దారి అందరికీ తెలిసిందే, సంతలో షావుకారు దగ్గర అడ్వాన్స్. అడ్వాన్స్ తీసుకుంటే కాఫీ పళ్లు వాడికే వెయ్యాలి, వాడు చెప్పిన రేటుకే వెయ్యాలి. అంటే వడ్డీ కాగితం మీద కనబడదు, రేటులో కోతపడుతుంది. పైగా వాడి చెల్లి టెన్త్‌లో ఉంది. వచ్చే ఏడాది దాని ఇంటర్ సంగతేంటని అడిగితే ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ఆడపిల్ల చదువులోంచి కోసి మగపిల్లాడికి లాంగ్ టర్మ్ పెట్టడం మన ఇళ్లల్లో నిశ్శబ్దంగా జరిగిపోతుంది. నేను దాన్ని ఒప్పుకోను. షావుకారు అడ్వాన్స్‌తో లాంగ్ టర్మ్ వద్దన్నదే నా అభిప్రాయం, కుప్పలు ఎంత బాగున్నా సరే.

మనసు సంగతి చివర్లో చెప్తున్నానని తక్కువ అనుకోవద్దు. 2023లో విశాఖ హాస్టల్లో ఉంటూ నీట్‌కి చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ కేసులోనే సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశం మొత్తానికి మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది గానీ అంతకు మించి గానీ పిల్లలున్న చోట కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు. అందరి ముందూ అవమానించకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో పెద్దక్షరాలతో కనబడాలి. కోచింగ్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఈ నాలుగూ అడగండి. నేను అడిగిన చోట కౌన్సెలర్ గురించి అడిగితే "మా సార్లే మాట్లాడతారు" అన్నారు. గోడ మీద ఉన్నది ర్యాంకుల ఫ్లెక్సీ ఒక్కటే.

మన పిల్లలకి ఇంకోటి అదనంగా ఉంటుంది. "మీకేంటిరా, తక్కువకే సీటు" అని పక్క మంచం వాడు అంటాడు. ఇంటికి ఫోన్ చేద్దామంటే ఊర్లో సిగ్నల్ ఉండదు. రెండు వారాలు వరసగా నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఆదివారం టెస్టంటే కడుపునొప్పి రావడం, ఫోన్ ఎత్తకపోవడం, "నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గును" లాంటి మాట అనడం, వీటిలో ఏది కనబడినా చదువు సంగతి పక్కనబెట్టి మనిషి దగ్గరకి వెళ్లండి. ఆ చివరి మాట వింటే ఆ రోజే బయల్దేరండి. టెలి మానస్ 14416 రాత్రీపగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్తే పిచ్చి అంటారని భయపడే రోజులు పోవాలి.

మా చిన్నాన్నతో మాట్లాడటమే అన్నిటికంటే కష్టమైంది. ఆయన వాళ్లమ్మని డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే పోయింది. అందుకే కొడుకు డాక్టర్ అవ్వాలంటాడు. ఆ కోరికని తప్పనడానికి నాకు నోరు రాలేదు. ఒక్కటే అడిగాను, "బాబాయ్, రెండోసారీ రాకపోతే వాడు ఇంటికి రావచ్చా?" చాలాసేపు చుట్ట కాలుస్తూ కూర్చుని, "రాకపోతే ఎక్కడికెళ్తాడ్రా" అన్నాడు. వాడు గుమ్మం అవతల నుంచి విన్నాడు. వాడు ఆగడానికి ఒప్పుకున్నది ఆ మాట తర్వాతే.

చివరికి విశాఖ వెళ్లలేదు. నర్సీపట్నంలో మా అత్త ఇంట్లో ఉంటున్నాడు. ఫిజిక్స్, కెమిస్ట్రీకి ఒక రిటైర్డ్ మాస్టారి దగ్గర ట్యూషన్, బయాలజీ సొంతంగా, వారానికో టెస్టు సిరీస్. మొత్తం నలభై వేల లోపు, మిరియం డబ్బుతో. వంద మంది మధ్యలో పోటీ ఉండదు, అది లోటే. ఒక్కడే చదవలేని పిల్లలకి ఈ దారి పనికిరాదు. లాంగ్ టర్మ్ ఒక్క ఏడాదే అని ముందే కాగితం మీద రాసుకున్నాం. ఈఏపీసెట్ అప్లికేషను కూడా పెట్టాలని, అగ్రికల్చర్, నర్సింగ్ దారులు మూసేయకూడదని అందులో ఉంది.

డిసెంబరు ఆఖరికి ఫిజిక్స్‌లో మూడో కుప్ప సగానికి తగ్గకపోతే, నీట్ రాస్తాడు గానీ బరువు ఈఏపీసెట్ మీదకి మారుస్తాడు. ఇప్పటికి పాతికలో తొమ్మిది తగ్గాయి. నిన్న ఫోన్ చేసి రొటేషన్‌లో ఒక లెక్క అడిగాడు, నాకూ రాలేదు. ఎవరికైనా వస్తే కింద రాయండి. ఏకరీతి గోళం వాలుతలం మీద జారకుండా దొర్లుతుంటే త్వరణం ఎంతో, ఎందుకో, తెలుగులో, మొదటినుంచి చెప్పండి.