ఐఎస్ఐ గుర్తు దేనికి? హీటరుకా, ప్లగ్గుకా?

2025 మార్చిలో భారతీయ ప్రమాణాల సంస్థ అధికారులు ఢిల్లీలోని అమెజాన్ గోదామును సోదా చేసి 3,500కు పైగా విద్యుత్ వస్తువులను స్వాధీనపరచుకొన్నారు. వాటిలో గీజర్లు, మిక్సీలు ఉన్నాయి. కొన్నిటిపై ఐఎస్ఐ గుర్తు లేదు. మరికొన్నిటిపై ఉన్నది నకిలీ. అదే నెలలో మన తమిళనాడులో తిరువళ్లూరు జిల్లా పుదువాయల్ వద్దనున్న అదే సంస్థ గోదాములో తప్పనిసరి గుర్తు లేని 3,376 వస్తువులు పట్టుబడ్డాయి. వాటిలో సీలింగు ఫ్యాన్లు కూడా ఉన్నాయి. దుకాణంలో సరకును చేతితో తిప్పి చూచి కొనే అలవాటు తగ్గి, ఫొటో చూచి డబ్బు చెల్లించే కాలం వచ్చినందున ఈ సోదాలు పల్లెలకూ సంబంధించినవే. రాజపాళయం చెంతనున్న చోళపురంలో ఫోనులో ఎంచుకొన్న వస్తువు కూడా ఇటువంటి గోదాములనుండే కదా వచ్చేది!

ఈ పరిస్థితిలో కొనుగోలుదారుకు మిగిలే సాక్ష్యం ఆ ఫొటో ఒక్కటే. దానిని ఎట్లా చదవాలో నీళ్లు కాచే హీటరు రాడ్డును ఉదాహరణగా తీసికొని పరిశీలిద్దాము. ఇది నేరుగా నీటిలో మునిగే విద్యుత్ సాధనం. ఇంట్లో ప్రాణాపాయం తెచ్చే వస్తువులలో దీనిది ముందు వరుస. 2003 నాటి కేంద్ర ఉత్తర్వు ఐఎస్ఐ గుర్తును తప్పనిసరి చేసిన గృహోపకరణాలలో ఇదీ ఒకటి.

మొదట గమనించవలసింది, అసలైన గుర్తు ఒంటరిగా ఉండదు. ఐఎస్ఐ అనే అక్షరాల బొమ్మకు పైన IS అనే మాటతో ప్రమాణపు సంఖ్య ఉండాలి. కింద CM/L- అనే మాటతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యలో పాతవాటికి ఏడంకెలు, ఇప్పటివాటికి పదంకెలు ఉంటాయి. బొమ్మ ఎవరైనా గీయగలరు. దాని వెనుకనున్న కర్మాగారం ఏదో చెప్పేది కింది సంఖ్య, ఏ వస్తువును పరీక్షించారో చెప్పేది పై సంఖ్య. ఈ రెండూ లేని బొమ్మ, "ఐఎస్ఐ నాణ్యత", "ఐఎస్ఐ రకం" వంటి మాటలు వట్టి అలంకారాలే.

ఇక అసలు చిక్కు ఇక్కడ ఉంది. 1500 వాట్ల రాడ్డు ఫొటో ఒకటి ఉన్నదనుకొందాము. దానిని పెద్దది చేసి చూడగా ఐఎస్ఐ గుర్తు స్పష్టంగా కనబడుతుంది. కాని గుర్తు పైనున్న సంఖ్య IS 1293. అది ప్లగ్గులకు, సాకెట్లకు సంబంధించిన ప్రమాణం. అనగా గుర్తు ప్లగ్గుది మాత్రమే. తీగపై IS 694 అని ఉంటే అది పీవీసీ తీగది. ఈ రెండూ నకిలీలు కాకపోవచ్చు. రాడ్డు తయారుచేసినవాడు బజారులో మంచి ప్లగ్గును, మంచి తీగను కొని తగిలించి ఉండవచ్చు. అంతమాత్రాన రాడ్డును ఎవరూ పరీక్షించినట్లు కాదు. రాడ్డు భద్రతకు వర్తించే ప్రమాణం IS 302-2-201. ఆ సంఖ్య రాడ్డుపైనో, దాని పిడిపైనో, పెట్టెపైనో కనబడాలి. ఇస్త్రీ పెట్టెకైతే IS 302-2-3. గుర్తు నిజమైనదైనా వేరే వస్తువుదై ఉండడమన్నది ఫొటోలు చూచేవారు తరచుగా పడే పొరపాటు.

అదే ఫొటోలో మరొక లెక్క కూడా చూచుకోవచ్చు. 1500 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే సుమారు ఆరున్నర ఆంపియర్లు వస్తాయి. అట్టి రాడ్డుకు 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు తగిలించి ఉంటే అది చాలదు, వేడెక్కి కరగవచ్చు. ప్రమాణానికి లోబడి తయారుచేసినవాడు ఆ పొరపాటు చేయడు.

సంఖ్య సరియైనదిగా కనిపించిన తరువాత దానిని సరిచూడాలి. భారతీయ ప్రమాణాల సంస్థ 2020లో విడుదల చేసిన BIS Care అనే ఫోను యాప్‌లో లైసెన్సు వివరాలు చూచే విభాగం ఉన్నది. CM/L సంఖ్య నమోదు చేసి, వచ్చిన జవాబులో మూడు విషయాలు పోల్చుకోవాలి. తయారీదారు పేరు, చిరునామా వస్తువుపై అచ్చయినవేనా? లైసెన్సు ఇచ్చింది హీటరు రాడ్డుకేనా? అది ఇప్పుడు చెల్లుబాటులో ఉన్నదా, గడువు ముగిసిందా, రద్దయిందా? నకిలీలు చేసేవారు కల్పిత సంఖ్య బదులు వేరొక కంపెనీ నిజమైన సంఖ్యను ఎత్తి అచ్చువేయగలరు కనుక, సంఖ్య జాబితాలో దొరికిందని తృప్తిపడరాదు. పేరు కలవకపోతే దానిని నమ్మరాదు. ఫొటోలో అంకెలు మసకగా ఉంటే అమ్మకందారును స్పష్టమైన ఫొటో అడగాలి. పంపకపోతే ఆ వస్తువును వదిలివేయడమే క్షేమం.

ఇన్ని పరీక్షలూ నెగ్గిన గుర్తు మనకు ఇచ్చే హామీ ఎంత? రాడ్డు లోపల వేడెక్కే తీగ చుట్టూ విద్యుత్తును ఆపే పొడి నింపి, పైన లోహపు గొట్టం తొడిగి, చివరలను మూసివేస్తారు. ఆ మూత బిగువు తగ్గి తేమ చొరబడితే పొడి తన గుణం కోల్పోయి, విద్యుత్తు గొట్టానికి, గొట్టంనుండి నీటికి పాకుతుంది. ఇట్లా పాకే విద్యుత్తు ఎంత, విద్యుత్ నిరోధం అధిక వోల్టేజికి తట్టుకొంటుందా, గొట్టానికీ ఎర్తు పిన్నుకూ మధ్య సంబంధం గట్టిగా ఉన్నదా, లాగినపుడు తీగ ఊడివస్తుందా అన్నవి పరీక్షల సారాంశం. పరీక్షించేది నమూనాలను, మీ ఇంటికి వచ్చిన రాడ్డును ఒక్కొక్కటిగా అధికారులు చూడరు.

మీ ఇంటి గోడలో ఏమున్నదో మాత్రం గుర్తుకు తెలియదు. గొట్టంలోకి విద్యుత్తు పాకినపుడు దానిని నేలలోకి దించేది మూడవ పిన్ను, దాని వెనుకనున్న ఎర్తు తీగ. పాత ఇళ్ళలో మూడు రంధ్రాల సాకెట్టు ఉండి వెనుక ఎర్తు తీగ లేకపోవడం కద్దు. అక్కడ ఎంత అసలైన ఐఎస్ఐ రాడ్డయినా సగం రక్షణను పోగొట్టుకొంటుంది. మూడవ పిన్నును విరగ్గొట్టి రెండు రంధ్రాల సాకెట్టులో దూర్చినా అంతే. విద్యుత్ పనివానిచేత ఎర్తును పరీక్షింపజేయడం, విద్యుత్తు పాకిన వెంటనే సరఫరా నిలిపే స్విచ్చిని అమర్చుకోవడం కొనుగోలుదారు చేతిలోని పనులు. స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసిన తరువాతనే నీటిని తాకాలి.

మరో మాట. సెల్‌ఫోను చార్జరుపై ఐఎస్ఐ గుర్తు వెదకనక్కరలేదు. దానిది వేరే పద్ధతి. అక్కడ R- తో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటుంది, దానినీ అదే యాప్‌లో చూడవచ్చు. గీజరుపై నక్షత్రాలు కరెంటు పొదుపును తెలుపుతాయి, భద్రతను కాదు.

పార్శిలు చేతికి వచ్చినపుడు ఫొటోలోని సంఖ్యను వస్తువుపైనున్న సంఖ్యతో మరల పోల్చాలి. తేడా ఉంటే వాడక ముందే తిప్పిపంపి, ఫొటోతో సహా ఆ యాప్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. తప్పనిసరి గుర్తు లేని సరకు అమ్మినవారికి 2016 చట్టం ప్రకారం మొదటి నేరానికి రెండేళ్ళ దాకా జైలు గాని, రెండు లక్షల రూపాయలకు తగ్గని జరిమానా గాని పడవచ్చు.