కీబోర్డుపై వేళ్లు ఏడున్నర నిమిషాలే!
ఆరు నుంచి ఎనిమిది తరగతుల కంప్యూటర్ పాఠం.. పుస్తకంలో విస్తారం, ప్రయోగశాలలో పొదుపు తప్పదు

గ్రామీణ విద్యార్థికి కంప్యూటర్ అవసరం ఎప్పుడు ఎదురవుతుందో చెప్పడం కష్టమేమీ కాదు. ఇంటర్ పూర్తికాగానే ఈఏపీసెట్ కంప్యూటర్‌పైనే రాయాలి. గ్రూప్-2 సర్వీసు ఉద్యోగానికి ఎంపికైన వారికి కంప్యూటర్ ప్రావీణ్య పరీక్ష ఉంది. పట్టణ విద్యార్థికి ఇంట్లోనే అలవడే ఈ విద్య పల్లె విద్యార్థికి బడిలోనే దొరకాలి. అందుకే ప్రాథమికోన్నత స్థాయిలో టైపింగ్, సురక్షిత బ్రౌజింగ్, ప్రజెంటేషన్ తయారీ అనే మూడు అంశాలతో పాఠ్య ప్రణాళికలు రూపొందుతున్నాయి. అయితే ఈ మూడింటికీ యంత్రంపై దొరికే కాలమెంత అన్న లెక్క వేయకుండా ప్రణాళిక రాస్తే అది కాగితానికే పరిమితమవుతుంది.

లెక్క ఇదీ..

ఒక తరగతిలో 40 మంది, ప్రయోగశాలలో పనిచేసే కంప్యూటర్లు పది, వారానికి 40 నిమిషాల పీరియడు ఒకటి ఉన్నాయనుకుందాం. పిల్లలను కూర్చోబెట్టి, యంత్రాలు తెరిచి, చివరకు పద్ధతిగా ఆపివేయడానికి పది నిమిషాలు పోతాయి. మిగిలిన 30 నిమిషాలను యంత్రానికి నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చేది ఏడున్నర నిమిషాలు. ఏడాదికి 30 పీరియడ్లు సక్రమంగా జరిగినా మొత్తం 225 నిమిషాలే. అంటే నాలుగు గంటలు కూడా నిండవు. విద్యుత్తు కోత, సెలవులు, మొరాయించిన యంత్రాలు ఈ లెక్కలో లేవు.

మూడు అంశాలకూ పదేసి వారాలు సమంగా పంచితే టైపింగ్‌కు దక్కేది ఏడాదికి 75 నిమిషాలు. ఇంత తక్కువ కాలంలో వేళ్లకు అలవాటు పడదు. పైగా నలుగురిలో చొరవ గల ఒక్కరు మౌస్ పట్టుకుంటే మిగతా ముగ్గురు ప్రేక్షకులుగా మిగిలిపోతారు. గడియారం చూసి వంతులు మార్చకపోతే ఆ ఏడున్నర నిమిషాలు కూడా దక్కవు.

దీనికి పరిష్కారం యంత్రం తప్పనిసరైన పనిని, అవసరం లేని పనిని వేరుచేయడంలో ఉంది. టైపింగ్‌కు యంత్రం తప్పదు. ప్రజెంటేషన్‌కు సగం పని కాగితంపైనే సాగుతుంది. సురక్షిత బ్రౌజింగ్ దాదాపుగా నల్లబల్లపైనే బోధించదగినది. ఈ విధంగా విభజిస్తే ఏడాదిలో 22 వారాల యంత్ర కాలం టైపింగ్‌కు, ఎనిమిది వారాలు ప్రజెంటేషన్‌కు కేటాయించవచ్చు. అప్పుడు టైపింగ్‌కు 165 నిమిషాలు దొరుకుతాయి. మూడేళ్లలో ఇది ఎనిమిది గంటలు దాటుతుంది. వంతు కోసం వేచి ఉన్న పిల్లలు ఆ సమయంలో బ్రౌజింగ్ పాఠం నేర్చుకోవచ్చు.

‘పేరు’తో మొదలు

టైపింగ్ పాఠం F, J మీటలపై ఉండే చిన్న గీతలను చూపుడు వేళ్లతో తడిమి గుర్తించడంతో ఆరంభం కావాలి. ఆ మధ్య వరుసే వేళ్ల నివాసం. భారతీయ భాషలకు ప్రమాణంగా ఉన్న ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఈ వరుసతోనే తెలుగు పదాలు రాయవచ్చు. h s j g నొక్కితే ‘పేరు’ వస్తుంది. k l d l f నొక్కితే ‘కత్తి’ వస్తుంది. ఇందులో d మీట పొల్లు గుర్తు. హల్లు, పొల్లు, మళ్లీ హల్లు అనే క్రమంలో నొక్కితే ఒత్తు దానంతటదే ఏర్పడుతుంది. గుణింతం, ఒత్తులు తెలిసిన ఆరో తరగతి పిల్లలకు ఇది కొత్త విద్య కాదు, తెలిసిన విద్యకు కొత్త చోటు మాత్రమే. హిందీకి మారినా k మీట ‘క’గానే ఉంటుంది. అందువల్ల ఒకసారి నేర్చిన వేళ్లు రెండు భాషలకూ పనికొస్తాయి.

బోధన దారి తప్పితే ఆ సంగతి సులువుగానే తెలుస్తుంది. చేతులపై తువ్వాలు కప్పి ‘పేరు’ రాయమంటే చాలు. తడబడిన విద్యార్థి మీటలను కంటితో వెతుకుతున్నాడని అర్థం. మీటలపై తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించడం ఈ అలవాటును మరింత పెంచుతుంది. అమరిక పటాన్ని గోడకు తగిలించడం మేలు. వేగం లెక్కించడం తర్వాతి మాట. తప్పులు తగ్గకముందే వేగం అడిగితే రెండు వేళ్లతో పొడిచే అలవాటు స్థిరపడిపోతుంది. ట్యాబ్‌లతో ఈ లోటు తీరదు. తెరను తాకి రాసేటప్పుడు పది వేళ్లకు పని ఉండదు.

చిరునామా చదవడమే రక్ష

‘అపరిచిత సైట్లు తెరవరాదు’ అని చెప్పినంత మాత్రాన పిల్లలకు ఏది అపరిచితమో తెలియదు. చిరునామాను చదవడం నేర్పాలి. https:// తర్వాత మొదటి గీత వరకు ఉన్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదివితే యజమాని ఎవరో తెలుస్తుంది. పదో తరగతి ఫలితాలనే ఉదాహరణగా తీసుకుంటే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పరీక్షల విభాగం చిరునామా bse.ap.gov.in. చివరి gov.in ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. దాని పక్కన bse.ap.gov.in.example.com అని నల్లబల్లపై రాసి, ఇది ఎవరిదని అడగాలి. ముందు భాగం ఎంత నమ్మకంగా కనిపించినా, చివరనున్న example.com యజమానిదే ఆ సైటు. ఈ ఒక్క అభ్యాసం పది హితవులతో సమానం.

తాళం గుర్తుపై ఉన్న అపోహను కూడా తొలగించాలి. మధ్యలో ఎవరూ చదవకుండా సమాచారం వెళుతుందని మాత్రమే ఆ గుర్తు చెబుతుంది. అవతలివారు నిజాయితీపరులని కాదు. పాత పుస్తకాల్లో ఇంకా కనిపిస్తున్నా, క్రోమ్ బ్రౌజర్ 2023లోనే దానిని మార్చివేసింది. చాలా ఇళ్లలో పిల్లలు వాడేది తల్లిదండ్రుల ఫోనే. బ్యాంకు ఓటీపీలు వచ్చేదీ దానికే. పొరపాటున సొమ్ము పోతే దాచిపెట్టక వెంటనే ఇంట్లో చెప్పాలని, 1930కు ఫిర్యాదు చేయించాలని, వేధింపులైతే 1098 ఉందని వారు గుర్తుంచుకోవాలి. తిడతారన్న భయంతో దాచిన ప్రతి గంటా మోసగాడికి లాభం. ఈ మాట తల్లిదండ్రుల సమావేశంలోనూ చెప్పవలసినది.

నలుగురికి నాలుగు స్లైడ్లు

ఎనిమిదో తరగతికి ‘మా ఊరి చెరువు’ అంశం ఇచ్చారనుకుందాం. నలుగురి జట్టు ముందుగా కాగితంపై నాలుగు గడులు గీసుకోవాలి. చెరువు ఎక్కడుంది, ఎవరి పొలాలకు నీరిస్తుంది, ఏం పాడైంది, ఏం చేయాలి అన్నవి ఆ గడుల్లో ఒక్కొక్కటిగా నింపాలి. ఒక్కొక్కరు ఒక స్లైడు చేయాలి. ఒక శీర్షిక, ఒక చిత్రం, మూడు పంక్తులకు మించరాదు. ఉచితంగా లభించే లిబ్రే ఆఫీస్ ఇంప్రెస్ ఇందుకు చాలు. తెలుగును యూనికోడ్‌లోనే రాయాలి. డీటీపీ కేంద్రాల పాత ఫాంట్లతో రాస్తే ఆ ఫాంట్ లేని యంత్రంలో అక్షరాలు గజిబిజిగా మారిపోతాయి. నెట్ నుంచి తీసిన చిత్రం కింద ఎక్కడిదో రాయించాలి. మార్కులు వేసేటప్పుడు ఉపాధ్యాయుడు తెర ఆపి, అదే విషయం చెప్పమనాలి. చెప్పలేకపోతే విద్యార్థి నేర్చింది అలంకరణే.

ఎవరు బోధించాలి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు గణితం-సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం, భాషల ఉపాధ్యాయులు ఉండాలని నిర్దేశించింది. కంప్యూటర్ ఉపాధ్యాయుడి ప్రస్తావన అందులో లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుంచి ఉన్నత పాఠశాలల్లో డిజిటల్ తెరలు అమర్చినా, తెర ముందు నిలిచేది ఆ ఉపాధ్యాయులే. టైపింగ్ తెలుగు పండితులకు, చిరునామా పఠనం సాంఘికశాస్త్రానికి, స్లైడ్లు సామాన్యశాస్త్ర ప్రాజెక్టుకు అప్పగిస్తే భారం పంచుకోవచ్చు. అయితే ప్రయోగశాల తాళం, యంత్రాల మరమ్మతు ఎవరి బాధ్యతో ప్రధానోపాధ్యాయుడు పేరు పెట్టి నిర్ణయించాలి. పది యంత్రాల్లో రెండు మూలపడితే చాలు, ఏడున్నర నిమిషాలు ఆరుకు పడిపోతాయి.