జన్యు పరీక్షకు డబ్బు కట్టే ముందు ఒక ప్రశ్న



కొంతకాలం క్రితం మంచిర్యాల వైపు నుండి ఒక యువకుడు తన తండ్రి కాగితాలతో మా ఓ.పి.కి వచ్చాడు. కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాము. తండ్రికి చాలా ఏళ్లుగా తంబాకు నమిలే అలవాటు ఉంది. బుగ్గ లోపల క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, రేడియేషన్ అయిన ఎనిమిది నెలలకే మెడలో మళ్లీ గడ్డలు లేచాయి. గడ్డ ముక్కకు జన్యు పరీక్ష చేయిస్తే సరిగ్గా సరిపోయే మందు దొరుకుతుందని ఎవరో చెప్పారు. ఇంట్లో కొంత అప్పు చేశారు, సంఘంలో కొంత చందా పోగైంది. నెల రోజులకు ముప్పై పేజీల రిపోర్టు వచ్చింది.

"సార్, ఇండ్ల మా బాపుకు ఏ మందు రాసిండ్రు?" అని ఆ అబ్బాయి అడిగాడు. ఆయన వ్యాధికి పనికివచ్చే మందు అందులో ఒక్కటీ లేదు.

ఈ పరీక్షను ఎన్.జి.ఎస్. ప్యానెల్ అంటారు. బయాప్సీలోనో ఆపరేషన్‌లోనో తీసిన ముక్కను మైనంలో పోసి బ్లాకుగా దాచి ఉంచుతారు. దాని నుండి డి.ఎన్.ఎ. తీసి, యాభై నుండి కొన్ని వందల జన్యువులను ఒకేసారి చదువుతారు. ఎక్కడెక్కడ అక్షరాలు మారాయో రిపోర్టులో రాస్తారు. ఆ మార్పునే మ్యుటేషన్ అంటాము. క్యాన్సర్ గడ్డలో మ్యుటేషన్లు ఉండడం వింత కాదు, దాదాపు ప్రతి గడ్డలోనూ ఉంటాయి. దొరికిన మార్పు మీద పనిచేసే మందు ఉందా అన్నదే అసలు సంగతి. ఆ క్యాన్సర్‌లో, ఆ మార్పుకు, ఆ మందు మేలు చేస్తుందని రోగులలో రుజువై ఉంటేనే దానిని 'యాక్షనబుల్ మ్యుటేషన్' అనాలి.

ఆ తండ్రి రిపోర్టులో మూడు ముఖ్యమైన మార్పులు కనిపించాయి. మొదటిది టీపీ53, రెండవది సీడీకేఎన్2ఏ. తంబాకు వల్ల వచ్చే నోటి క్యాన్సర్లలో ఈ రెండూ తరచుగా కనబడతాయి. ఇవి కణానికి బ్రేకుల వంటివి. బొగ్గు లారీకి యాక్సిలరేటర్ ఇరుక్కుపోతే దానిని వదిలించవచ్చు. బ్రేకులే ఊడిపోతే వదిలించడానికి అక్కడ ఏమీ ఉండదు. నేటి మందులలో ఎక్కువ భాగం ఇరుక్కున్న యాక్సిలరేటర్‌ను ఆపేవే. నోటి క్యాన్సర్‌లో పోయిన ఈ బ్రేకులను తిరిగి బిగించే మందు మన దేశంలో వాడుకలో లేదు.

మూడవది పీఐకే3సీఏ. ఇది యాక్సిలరేటరే, దీనికి ఆల్పెలిసిబ్ అనే మందు కూడా ఉంది. రిపోర్టులో ఆ పేరు చూసి కుటుంబం ఆశపడింది. కాని అమెరికాలో 2019లో ఆ మందుకు అనుమతి వచ్చింది ఒక రకం రొమ్ము క్యాన్సర్‌కు, నోటి క్యాన్సర్‌కు కాదు. మార్పు ఒకటే అయినా అవయవం మారితే ఫలితం మారుతుంది. బీఆర్ఏఎఫ్ జన్యువులోని ఒక మార్పునే చూడండి. చర్మంలో వచ్చే మెలనోమా క్యాన్సర్‌లో దానిని ఆపే మందు గడ్డను బాగా కరిగిస్తుంది. పెద్దపేగు క్యాన్సర్‌లో అదే మార్పుకు అదే మందు ఒక్కటే ఇస్తే దాదాపు పనిచేయదు, ఎందుకంటే అక్కడ కణం వేరే దారి తెరుచుకుంటుంది.

మరి రుజువు లేకపోయినా మందు వేసి చూస్తే తప్పేమిటని అడగవచ్చు. ఫ్రాన్సు దేశంలో షివా అనే పరీక్షలో సరిగ్గా అదే చేసి చూశారు, ఫలితాలు 2015లో వెలువడ్డాయి. గడ్డలోని మార్పులకు తగ్గట్టు, వేరే వ్యాధికి అనుమతి ఉన్న మందులు కొందరికి ఇచ్చారు. మిగతావారికి డాక్టర్లు మామూలుగా ఎంచుకునే చికిత్స ఇచ్చారు. మొత్తం 195 మంది. వ్యాధి ముదరకుండా ఆగిన కాలం మొదటి వారిలో సుమారు 2.3 నెలలు, రెండవ వారిలో 2 నెలలు. చెప్పుకోదగిన తేడా లేదు.

అలాగని ఈ పరీక్ష వృథా అని మేము అనడం లేదు. జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఒక తల్లికి ఊపిరితిత్తుల క్యాన్సర్, అడినోకార్సినోమా రకం వచ్చిందనుకుందాం. మన దేశంలో ఈ రకం వచ్చినవారిలో సుమారు నలుగురిలో ఒకరికి ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. 2009లో వెలువడిన ఐపాస్ అనే ఆసియా పరీక్షలో, ఆ మార్పు ఉన్నవారికి జెఫిటినిబ్ మాత్ర ఇస్తే నూటికి 71 మందిలో గడ్డ తగ్గింది, కీమోతో 47 మందిలోనే తగ్గింది. మార్పు లేనివారిలో అదే మాత్రతో నూటికి ఒక్కరికి తగ్గింది, కీమోతో 23 మందికి తగ్గింది. అంటే జవాబు 'ఉంది' అయితే ఒక మందు, 'లేదు' అయితే ఇంకొక మందు. జెఫిటినిబ్‌కు మన దేశంలోనే తయారయ్యే చౌక రకాలున్నాయి. దీనితో వ్యాధి పూర్తిగా పోదు, సాధారణంగా ఏడాది లోపు మళ్లీ పెరుగుతుంది, కాని ఆ నెలలు రోగి ఇంట్లో తిరుగుతూ గడపగలడు. ఇలాంటి చోట పరీక్ష తప్పక చేయించాలి. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే వంటి ఒకటి రెండు జన్యువులకు తక్కువ ఖర్చుతో విడి పరీక్షలు కూడా ఉన్నాయి. ముక్క సరిపడా ఉండి, డబ్బుకు వీలుంటే పెద్ద ప్యానెల్ మంచిదే. అండాశయ క్యాన్సర్‌లోనూ బీఆర్‌సీఏ జన్యువుల జవాబు మందును మారుస్తుంది, అక్కాచెల్లెళ్లకూ బిడ్డలకూ హెచ్చరిక కావచ్చు.

పరీక్ష అవసరమైనప్పుడు కూడా ముక్క వల్ల అది చెడిపోతుంది. తీసిన ముక్కను వెంటనే పది శాతం బఫర్ ఫార్మలిన్‌లో వేయాలి, ఆరు గంటల నుండి మూడు రోజుల లోపు ఉంచాలి. ఉత్త సెలైన్‌లో వేసినా, ఫార్మలిన్‌లో వారాల తరబడి వదిలేసినా డి.ఎన్.ఎ. ముక్కలైపోతుంది. ముక్కలో క్యాన్సర్ కణాలు నూటికి ఇరవై అయినా లేకపోతే ఉన్న మార్పు కూడా కనబడకపోవచ్చు. కనుక రిపోర్టులో 'ఏమీ దొరకలేదు' అని ఉంటే, క్యాన్సర్ కణాల శాతం ఎంత రాశారో ముందు చూడండి. 'అర్థం ఇంకా తెలియని మార్పు' అని రాసినవాటిని చూసి మందు మార్చకూడదు.

మా అభిప్రాయం ఇది. డబ్బు కట్టే ముందు డాక్టరును ఒక్క ప్రశ్న అడగండి: "ఈ పరీక్షలో ఏ జవాబు వస్తే మీరు మందు మారుస్తారు? ఆ మందు మాకు దొరుకుతుందా, కొనగలమా?" జవాబుగా ఒక జన్యువు పేరు, ఒక మందు పేరు చెప్పగలిగితే చేయించండి. "చూద్దాం, ఏదైనా దొరకవచ్చు" అంటే చందా పోగుచేయకముందే ఆగి, ఆలోచించండి.

ఆ తండ్రి విషయంలో మాకు బాధ కలిగించింది ఇదే. ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు ఇలాంటి ముదిరిన నోటి, గొంతు క్యాన్సర్ రోగులలో, నోటితో వేసుకునే తక్కువ మోతాదు మాత్రలకు నివోలుమాబ్ ఇంజెక్షను మూడు వారాలకు ఒకసారి 20 మిల్లీగ్రాములు మాత్రమే కలిపి చూశారు. అది మామూలు మోతాదులో పదో వంతు కూడా కాదు. ఏడాది తరువాత బ్రతికి ఉన్నవారు నూటికి 16 నుండి 43కు పెరిగారు. దానిని మొదలుపెట్టడానికి జన్యు పరీక్ష అవసరం లేదు. ముప్పై పేజీల రిపోర్టుకు పోయిన డబ్బుతో ఆ ఇంజెక్షను కొన్ని మోతాదులు వచ్చేవి. ఆ అబ్బాయికి ఈ మాట చెప్పి, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి చీటీ రాసి పంపాము. చేతిలో రిపోర్టు మిగిలింది, డబ్బు మిగలలేదు. ఇంకొక ఇంటికి ఇలా జరగకూడదనే ఇంత వివరంగా రాశాము.